ఫొటోలో డేటా లైను: 1200 నా, 120.0 నా? సార్థక సంఖ్యలు ఎన్ని రాయాలి?

నాగావళి_ఎంపీసీ
అందరికీ నమస్తే. మీటరు బ్రిడ్జి ప్రయోగం, తీగ నిరోధకత కనుక్కోవాలి. ఫ్రెండు తన రఫ్ నోట్సులో డేటా లైను ఒక్కటే ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టాడు. నోట్సు వాడి దగ్గరే ఉంది, రేపు గానీ దొరకదు. ఫొటోలో నాకు కనబడుతున్నది ఇది:

l = 120 0 cm    d = 0.0460 m    R = 3.52 Ω

120 కీ చివరి 0 కీ మధ్య చుక్క ఉందో లేదో తెలియడం లేదు, సరిగ్గా అక్కడే నోట్సు నీలం గీత వెళ్తోంది. d దగ్గర యూనిట్ m ఒక్కటే కనబడుతోంది, ముందు c చెరిగిపోయినట్టుంది, అందుకని cm అనుకున్నాను. మూడింటినీ సైంటిఫిక్ నొటేషన్‌లో రాసి, ఒక్కోదాంట్లో సార్థక సంఖ్యలు ఎన్నో చెప్పి, జవాబు సరైన అంకెలకి కుదించాలి. నాకు జవాబు 1.06 × 10⁻⁷ వస్తోంది, అది కూడా తప్పేమోనని అనుమానం.

కోటజంక్షన్
ఇందులో ఏముంది తమ్ముడూ. సున్నాలు లెక్కలోకి రావు. 1200 అయితే 2, 0.0460 లో 46 మాత్రమే కాబట్టి 2, 3.52 లో 3. తక్కువది 2, జవాబు రెండు అంకెలకి రాసేయ్. అయిపోయింది.

మేస్టారు_టెక్కలి
కోటజంక్షన్ గారూ, సున్నాలన్నిటినీ ఒకే గాటన కట్టేస్తే ఎలాగండీ. 0.0460 లో ముందున్న రెండు సున్నాలు దశాంశ స్థానాన్ని చూపడానికే ఉన్నాయి. అదే కొలతని మిల్లీమీటర్లలో రాస్తే 0.460, మైక్రోమీటర్లలో రాస్తే 460. యూనిట్ మారితే పోయే సున్నా లెక్కలోకి రాదు, ఆ మాట నిజమే. చివరి సున్నా అలాంటిది కాదు. దశాంశ బిందువు తరవాత, అన్నిటికంటే చివర, అవసరం లేకపోయినా ఎవరైనా సున్నా వేశారంటే, ఆ స్థానం కూడా చూశాను, అక్కడ సున్నాయే ఉంది అని చెప్పడానికే. కాబట్టి రాసింది రాసినట్టు తీసుకుంటే 0.0460 లో మూడు.

ఇక నాగావళీ, ముందు l సంగతి తేల్చుకోవాలమ్మా. చుక్క ఉందా లేదా అన్నది కళ్ళతో తేలకపోతే పరికరాన్ని అడగాలి. ల్యాబులో ఈ తీగ పొడవు కొలిచేది మీటరు స్కేలుతో, దాని కనీసపు కొలత 1 మి.మీ., అంటే 0.1 సెం.మీ. సెంటీమీటర్లలో రాసేవాళ్ళకి దశాంశం తరవాత ఒక అంకె సహజంగా వస్తుంది. 120.0 అని రాయడం అలవాటుగా జరిగే పనే. 1200 cm అంటే 12 మీటర్ల తీగ. బల్ల మీద పన్నెండు మీటర్ల తీగ పరిచి ఎవరు కొలుస్తారు?

దీనికి ఇంకో సాక్ష్యం ఉంది. లెక్క చేసి చూడు. 120.0 అనుకుంటే జవాబు 10⁻⁷ స్థాయిలో వస్తుంది, 1200 అనుకుంటే సరిగ్గా పదో వంతు, 4.87 × 10⁻⁸. రాగి 1.7 × 10⁻⁸, అల్యూమినియం 2.7 × 10⁻⁸ Ω m. ఈ ప్రయోగానికి ఇచ్చే కాన్‌స్టంటాన్ తీగ సుమారు 4.9 × 10⁻⁷. చుక్క ఉందనుకుంటే జవాబు నేరుగా కాన్‌స్టంటాన్ దగ్గరికొచ్చి కూర్చుంటోంది, లేదనుకుంటే ల్యాబు తీగలు వేటి దగ్గరికీ రావడం లేదు. అందుకని 120.0.

నాగావళి_ఎంపీసీ
అంటే l = 1.200 × 10² cm, నాలుగు సార్థక సంఖ్యలు. మీటర్లలో 1.200. ఇంతవరకూ సరేనాండీ? కానీ మీకు 4.87 ఎలా వచ్చింది, నాకు 1.06 ఎందుకొచ్చింది?

రాజాం_రికార్డులు
నీ 1.06 చూడగానే అర్థమైపోయింది. మీ ఇంట్లో సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ వాడావు కదూ? 4.6, గుణకారం గుర్తు, 10, ఘాతం −4 అని నొక్కి, దాని మీద వర్గం బటన్ నొక్కి ఉంటావు. అప్పుడు వర్గమయ్యేది 10⁻⁴ ఒక్కటే, ముందున్న 4.6 అలాగే మిగిలిపోతుంది. రావలసిన d² 2.116 × 10⁻⁷, నీకు వచ్చింది 4.6 × 10⁻⁸. సరిగ్గా 4.6 రెట్లు తక్కువ. 4.87 ని 4.6 తో భాగించి చూడు, నీ 1.06 వస్తుంది.

మందు ఏమిటంటే ×10ˣ అనో EXP అనో రాసి ఉన్న ఒంటి బటన్ వాడు. దాంతో కొడితే 4.6 × 10⁻⁴ మొత్తాన్ని ఒకే సంఖ్యగా తీసుకుంటుంది. లేదా మొత్తాన్ని బ్రాకెట్లో పెట్టి వర్గం చెయ్యి.

ఇంకోటి, ఎక్సెల్లో కొట్టేవాళ్ళకి. 120.0 అని టైపు చేసి ఎంటర్ నొక్కితే గడిలో 120 మిగులుతుంది. సున్నాని మింగేస్తుంది. సార్థక సంఖ్యలు నిలబెట్టుకోవాలంటే గడి ఫార్మాట్ మార్చాలి, లేదా పక్క గడిలో ఇలా:

```
=TEXT(A1,"0.000E+00")
```

A1 లో 120 ఉంటే 1.200E+02 అని చూపిస్తుంది. E తరవాత వచ్చేది పది ఘాతం. ఎన్ని సున్నాలు కావాలో నువ్వే చెప్పాలి, కొలిచింది ఎంత సూక్ష్మంగానో దానికి తెలియదు.

మేస్టారు_టెక్కలి
రాజాం వారు సరిగ్గా పట్టుకున్నారు. లెక్క మొత్తం ఒకసారి వేసి పెడతాను. d = 0.0460 cm. బిందువుని రెండు స్థానాలు కుడికి జరిపితే 4.60 × 10⁻² cm. ఒక సెం.మీ. అంటే 10⁻² మీటరు కాబట్టి 4.60 × 10⁻⁴ m. యూనిట్ మారినా ముందున్న 4.60 కదలదు, ఘాతం ఒక్కటే కదులుతుంది. సార్థక సంఖ్యలు లెక్కపెట్టడానికి ఈ పద్ధతిలో ఉన్న సుఖం అదే, పది ఘాతానికి ముందు ఎన్ని అంకెలుంటే అన్నీ లెక్కే.

ρ = π d² R / 4l
d² = 2.116 × 10⁻⁷ m²
π/4 తో గుణిస్తే 1.662 × 10⁻⁷ m²
R తో గుణిస్తే 5.850 × 10⁻⁷
1.200 తో భాగిస్తే 4.875 × 10⁻⁷ Ω m

మధ్యలో ఒక అంకె ఎక్కువ ఉంచాను. ప్రతి మెట్టు దగ్గరా కుదించుకుంటూ పోతే చివరి అంకె జారిపోతుంది. చూశావా, ఇక్కడే 4.875 ని మూడు అంకెలకి తగ్గిస్తే 4.87 నా 4.88 నా అన్న గొడవ వస్తుంది. కుదించకుండా పోతే అది 4.8749, కాబట్టి 4.87. సూత్రంలో ఉన్న 4 కొలత కాదు, π ని ఎన్ని అంకెలైనా తీసుకోవచ్చు. అవి రెండూ జవాబుని కట్టిపడేయవు.

ఇప్పుడు నాకు అసలు అనుమానం d దగ్గర ఉంది. స్క్రూ గేజి కనీసపు కొలత 0.01 మి.మీ., అంటే 0.001 సెం.మీ. ఒక రీడింగు తీస్తే 0.46 మి.మీ., లేదా 0.046 సెం.మీ. నాలుగో స్థానంలో సున్నా ఎక్కడి నుంచి వచ్చింది?

కోటజంక్షన్
సగటు తీశాడేమో. అయిదు రీడింగులు తీసి సగటు తీస్తే ఇంకో అంకె వస్తుంది కదా. ఇంకో సంగతి, R కనుక్కోవడానికి బాక్సులో 4 Ω తీసి ఉంటారు. 4 లో ఉన్నది ఒకటే అంకె. ఆ లెక్కన జవాబు 5 × 10⁻⁷ అని రాయాలి.

మేస్టారు_టెక్కలి
బాక్సు మీద 4 అన్నది రీడింగు కాదండీ, ఆ చుట్టకి పెట్టిన పేరు. అది ఎంత ఖచ్చితమో బాక్సు తయారీని బట్టి ఉంటుంది గానీ రాసిన అంకెల సంఖ్యని బట్టి కాదు. మీరు చెప్పినట్టే 4 Ω తీసి, సంతులన బిందువు ఎడమ నుంచి 46.8 cm దగ్గర పడిందనుకుందాం. R = 4 × 46.8 / 53.2, అంటే 3.52. జాకీ 1 మి.మీ. అటో ఇటో జరిగితే ఈ విలువ దాదాపు 0.4 శాతం మారుతుంది, అంటే 0.014 Ω. 3.52 లో చివరి 2 దగ్గరే ఆ ఊగిసలాట. కాబట్టి మూడు అంకెలు న్యాయమే.

సగటు సంగతి రీడింగులు చూస్తే గానీ చెప్పలేను.

బొంకులదిబ్బ_కెమిస్ట్రీ
మాకూ ఇదే బాధ. టైట్రేషన్ పట్టిక ఫొటోలో బ్యూరెట్ రీడింగు 196 అని కనబడుతోంది. బ్యూరెట్టే 50 mL, 196 ఎలా వస్తుంది, 19.6 అని సరిపెట్టుకున్నాం. పిపెట్ గడిలో 20 అని ఉంది. అందులో ఒక అంకా, రెండా? ఒకటే అంటే మొలారిటీ ఒక్క అంకెకి రాయాలి, అది మరీ అన్యాయం కదా.

మేస్టారు_టెక్కలి
19.6 సరైనదే, అమ్మా. పరికరం పట్టే గరిష్ఠం దాటిపోయిన రీడింగు ఉండదు. పిపెట్ కూడా పైన చెప్పిన రెసిస్టెన్స్ బాక్సు లాంటిదే. 20 అన్నది దాని పేరు, గొట్టం మీద గుర్తు దాకా నింపితే వచ్చే పరిమాణం మిల్లీలీటరులో చిన్న భాగం వరకూ నమ్మదగ్గది. అందుకని 20.0 mL, 2.00 × 10¹ అని రాసుకుంటే ఎవరికీ అనుమానం ఉండదు. ఇక్కడ మీ జవాబుని ఆపేది 19.6 లోని మూడు అంకెలు, పిపెట్ కాదు.

నాగావళి_ఎంపీసీ
ఫ్రెండుకి ఫోన్ చేశానండీ. స్క్రూ గేజి రీడింగులు అయిదు తీశాడట, అయిదూ 0.46 మి.మీ. ఏనట. సగటు కూడా 0.46. తను 0.0460 రాసినట్టు గుర్తు లేదంటున్నాడు.

మేస్టారు_టెక్కలి
అయిదూ ఒకటే అయితే సగటు వల్ల కొత్త అంకె రాదమ్మా. స్క్రూ గేజి 0.46 కీ 0.47 కీ మధ్య చూడలేకపోతోంది, అంతే. అదే మాట అయిదుసార్లు చెప్పింది. 0.46, 0.47, 0.46, 0.45, 0.46 ఇలా చెదిరి ఉంటే సంగతి వేరు, అప్పుడు సగటు 0.460 కి కొంత బలం ఉంటుంది.

రాజాం_రికార్డులు
అక్కడ నేను ఒప్పుకోనండి. చెదిరినా స్క్రూ గేజిలో ఉన్న సున్నా దోషం చెదరదు కదా. అయిదు రీడింగుల్లోనూ ఒకే వైపు లాగుతుంది. సవరణ కూడా అదే 0.01 మి.మీ. గీతలతోనే చదువుతాం. సగటుతో మూడో అంకె సంపాదించామనుకోవడం నన్నడిగితే భ్రమే.

మేస్టారు_టెక్కలి
మీ మాటలో బలం ఉంది. నేను చెదురుని బట్టి చూస్తున్నాను. ఆ అయిదు రీడింగుల సగటులో చెదురు వల్ల వచ్చే అనిశ్చితి 0.003 మి.మీ. దాకా ఉంటుంది. దానికి సున్నా సవరణలోని తప్పుని కలిపితే ఎంతవుతుందో గేజిని బట్టి ఉంటుంది. ల్యాబులో చాలామంది 0.460 రాస్తారు, నేను దాన్ని కొట్టేయను. మీరు కొట్టేస్తారు. అంతే తేడా.

వీణబొబ్బిలి
ఫొటో పెద్దది చేసి చూశాను. d దగ్గర c చెరిగిపోలేదు. ఆ చివరి సున్నాయే c.

ఇదే లైనులో 120.0 తరవాత ఉన్న cm చూడండి. అక్కడ కూడా c నోరు మూసుకుపోయి దాదాపు సున్నాలా ఉంది, పెన్ను కింద నుంచి తిరిగి పైకి వచ్చి కలిసిపోయింది. ఈ రాసే చేతికి c అంటే అదే. ఇప్పుడు d చూడండి, 0.046 తరవాత కొంచెం ఎడం, ఆ తరవాత గుండ్రం, దానికి ఆనుకుని m. అసలు సున్నాలు నిలువుగా కోలగా, గీత మీద కూర్చుని ఉన్నాయి. ఈ గుండ్రం వాటిలో సగం ఎత్తే ఉంది, ఎత్తు m తో సమానం. చిన్నబడి అక్షరం ఎత్తు అది, అంకె ఎత్తు కాదు.

అంటే అక్కడ రాసి ఉన్నది 0.046 cm. నాగావళి గారు 0.0460 m అని చదివి, m అయితే తీగ మందం 4.6 సెం.మీ. అవుతుంది, అది కుదరదు కాబట్టి ఒక c ని ఊహించి కలిపారు. c రెండుసార్లు లెక్కకి వచ్చింది, ఒకసారి సున్నాగా, ఒకసారి ఊహగా.

నాగావళి_ఎంపీసీ
అయ్యో. ఇప్పుడు చూస్తే అదే కనబడుతోంది. m కి ఆనుకునే ఉంది.

కోటజంక్షన్
నేను మొదట్లోనే చెప్పానా లేదా, రెండు అంకెలని 😄

మేస్టారు_టెక్కలి
చెప్పారండీ, కానీ మీరు 0.0460 లో రెండన్నారు. 0.046 లో రెండు. పరీక్షలో 0.0460 ఇస్తే మూడు రాయకపోతే మార్కు పోతుంది.

వీణబొబ్బిలి గారికి దండం. అయితే d = 4.6 × 10⁻⁴ m, రెండు సార్థక సంఖ్యలు. l లో నాలుగు, R లో మూడు, d లో రెండు. గుణకార భాగహారాల్లో అతి తక్కువదే జవాబుని నిర్ణయిస్తుంది. 4.8749 × 10⁻⁷ ని 4.9 × 10⁻⁷ Ω m గా రాయాలి.

ఈ కుదింపు ఉత్త లాంఛనం కాదని చూపిస్తాను. d లో అనిశ్చితి 0.01 మి.మీ. అనుకుంటే 0.46 లో అది దాదాపు 2.2 శాతం. సూత్రంలో d వర్గంగా ఉంది కాబట్టి జవాబులో 4.3 శాతం అవుతుంది. 4.87 లో 4.3 శాతం అంటే 0.21. జవాబు 4.66 నుంచి 5.08 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. అలాంటప్పుడు 4.87 లోని 7 కి అర్థం ఏముంది? మాంగనిన్ తీగకి పట్టికను బట్టి 4.4 నుంచి 4.8 × 10⁻⁷ దాకా ఇస్తారు. కాబట్టి ఈ కొలతతో తీగ కాన్‌స్టంటానో మాంగనినో కచ్చితంగా చెప్పలేం. రాగి కాదని మాత్రం ఘంటాపథంగా చెప్పొచ్చు.

పొడవుని 120.0 అని నాలుగు అంకెలకి కొలిచిన కష్టం కూడా ఇక్కడ పెద్దగా పనికి రాలేదు. మీటరు స్కేలు రెండుసార్లు జరిపి పెట్టాలి కాబట్టి అక్కడ 2 మి.మీ. తేడా పడినా 0.2 శాతమే. మందం దగ్గర జాగ్రత్త పడాలి. తీగని నాలుగైదు చోట్ల, ఒక్కో చోట అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలవాలి.

రాజాం_రికార్డులు
ఫొటోలు పంపేవాళ్ళకి ఒక మాట. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే కుదించేస్తుంది, మొదట పోయేవి చుక్కలూ, ఘాతాల పైన ఉండే చిన్న మైనస్ గుర్తులే. డాక్యుమెంటుగా పంపితే తీసింది తీసినట్టు వస్తుంది. ట్యూబ్‌లైటు కింద పైనుంచి తీయకండి, కాగితం మెరుస్తుంది. పగటిపూట కిటికీ పక్కన, వెలుతురు ఒక వైపు నుంచి ఏటవాలుగా పడేలా పెట్టి తీస్తే బాల్‌పెన్ను నొక్కిన గాడి నీడలా కనబడుతుంది. నీలం గీత మీద నీలం మైనస్ రాసినా గాడి దొరికిపోతుంది. అచ్చు కాగితమైతే ఈ ఉపాయం పనిచెయ్యదు.

వీణబొబ్బిలి
మైనస్ పోతే లెక్కే పట్టిస్తుంది లెండి. 4.6 × 10⁻⁴ m లో మైనస్ కనబడకపోతే తీగ మందం 46 కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి దగ్గర దగ్గర టెక్కలి దాకా. పోయిన చుక్క అంత సులువుగా దొరకదు, పది రెట్ల తేడా చాలాసార్లు నమ్మేలానే ఉంటుంది. ఇక చివరి సున్నా పోతే లెక్కతో అసలు పట్టుకోలేం, విలువ మారదు కాబట్టి. దానికి చేతిరాతా, పరికరం కనీసపు కొలతా తప్ప వేరే సాక్షి లేదు.

నాగావళి_ఎంపీసీ
అందరికీ థాంక్సండీ. ఇలా రాశాను:

l = 1.200 m (4)
d = 4.6 × 10⁻⁴ m (2)
R = 3.52 Ω (3)
ρ = 4.9 × 10⁻⁷ Ω m (2)

ఒక్కటే అనుమానం. మా సీనియర్ల రికార్డుల్లో అందరూ 4.87 × 10⁻⁷ అనే రాశారు, టిక్కు కూడా పడింది. 4.9 అని రాస్తే ప్రాక్టికల్స్‌కి వచ్చే ఎగ్జామినర్ లెక్క పూర్తి చెయ్యలేదని మార్కు కోస్తారా?

కోటజంక్షన్
కోస్తారు. 4.87 రాసెయ్.

మేస్టారు_టెక్కలి
లెక్క మెట్లలో 4.87 కనబడనియ్యి, కింద జవాబు గీతలో 4.9 రాసి, d లో రెండే సార్థక సంఖ్యలు అని పక్కన ఒక ముక్క పెట్టు. నేను దిద్దితే పూర్తి మార్కు. పక్క కాలేజీ నుంచి వచ్చేవారి సంగతి మాత్రం నేను హామీ ఇవ్వలేను.

బొంకులదిబ్బ_కెమిస్ట్రీ
మేస్టారూ, 19.6 మూడుసార్లు వచ్చింది మాకు, నాలుగోది 19.7. సగటు 19.625 వచ్చింది. ఇక్కడ మీరు గెలుస్తారా, రాజాం వారు గెలుస్తారా?

రాజాం_రికార్డులు
19.6. నేనే.